హైడ్రోజన్‌కు విగ్రహవాక్యం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థల సంచాలకులకు,



నీటిని విడగొట్టే ప్రయోగం ఒకటి పదో తరగతి పిల్లలందరికీ తెలిసిందే. ప్లాస్టిక్ మగ్గు అడుగున రెండు రంధ్రాలు చేసి, రబ్బరు బిరడాలు బిగించి, వాటిలోంచి రెండు కార్బన్ కడ్డీలు లోపలికి దూరుస్తాం. మగ్గులో నీళ్లు పోసి, నాలుగు చుక్కల సజల సల్ఫ్యూరికామ్లం కలుపుతాం. నీళ్లు నింపిన పరీక్షనాళికలను ఒక్కో కడ్డీ మీద బోర్లించి, 6 వోల్టుల బ్యాటరీకి తీగలు కలిపితే కడ్డీల చుట్టూ బుడగలు మొదలవుతాయి. కాసేపటికి ఒక నాళికలో వాయువు రెండో దానికి రెట్టింపు ఉంటుంది. రెట్టింపు ఉన్నది హైడ్రోజన్, సగం ఉన్నది ఆక్సిజన్.

మీరు అచ్చువేస్తున్న ద్విభాషా పుస్తకాల్లో ఇలాంటి పాఠాలు ఎదురెదురు పేజీల్లో రెండు భాషల్లోనూ ఉంటాయి. తెలుగు పేజీలో ‘విద్యుద్విశ్లేషణ’ అని ఉన్నచోట ఇంగ్లీషు పేజీలో ‘ఎలక్ట్రాలిసిస్’ ఉంటుంది. పిల్లవాడు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని రెండు వేర్వేరు పేర్లుగా బట్టీ పడతాడు. విద్యుత్తు, విశ్లేషణ అని తెలుగు మాటను రెండుగా విడదీసి చూడగల పిల్లవాడే ఇంగ్లీషు మాట దగ్గరికి వచ్చేసరికి దాన్ని నోరు తిరగని ఒకే ముద్దగా మింగేస్తాడు. అది కూడా సరిగ్గా అక్కడే, అదే రెండు ముక్కలుగా విడిపోతుందని అతనికి ఎవరూ చెప్పలేదు. ‘ఎలక్ట్రో’ విద్యుత్తు, ‘లిసిస్’ విడదీయడం. గ్రీకులో ‘ఎలెక్ట్రాన్’ అంటే నిజానికి ఒక రకం పసుపుపచ్చని చెట్టుబంక శిలాజం. దాన్ని రుద్దితే గడ్డిపరకలను లాక్కునేది కాబట్టి ఆ పేరు విద్యుత్తుకు వచ్చింది.

ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రాలు చెప్పే ఉపాధ్యాయుణ్ణి నేను. ఇంగ్లీషు సైన్సు మాటల్లోని గ్రీకు ముక్కలను పిల్లలకు నేర్పమని మిమ్మల్ని అడగడానికే ఈ లేఖ. అయితే పుస్తకం చివర అనుబంధంగా రెండు వందల ముక్కల పట్టిక వేయమని అడగడం లేదు. అలాంటి పట్టికలు గైడుల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. వాటివల్ల బట్టీ పట్టాల్సిన సరుకు పెరగడమే తప్ప తగ్గింది లేదు. నేనడిగేది వేరు. మన పిల్లలకు ఇప్పటికే వచ్చిన ఒక విద్యను సైన్సు పీరియడులోకి తీసుకురండి. ఆ విద్య తెలుగు వ్యాకరణంలోని సమాసాలు.

‘దొంగభయం’ అంటే ‘దొంగ వలన భయం’, పంచమీ తత్పురుష. ‘జలధరం’ అంటే ‘జలాన్ని ధరించేది’, ద్వితీయా తత్పురుష. ‘చక్రపాణి’ అంటే ‘చక్రం పాణియందు కలవాడు’, బహువ్రీహి. విగ్రహవాక్యం రాసి సమాసం పేరు చెప్పమంటే పదో తరగతి పిల్లలు టకటకా చెప్పేస్తారు. గ్రీకు సమాసాలదీ ఇదే పద్ధతి. రెండు మాటలు కలుస్తాయి, మధ్యనున్న విభక్తి లోపిస్తుంది. దాన్ని తిరిగి చేర్చుకుంటేనే అర్థం వస్తుంది. ముక్కల అర్థాలు మాత్రమే ఇచ్చే పట్టికకు ఈ విభక్తి సంగతి తెలియదు. చాలా తప్పులు పుట్టేది అక్కడే.

‘లిసిస్’నే తీసుకుందాం. ఎలక్ట్రాలిసిస్ అంటే విద్యుత్తు చేత విడగొట్టడం. హైడ్రాలిసిస్ అంటే నీటి చేత విడగొట్టడం. పాలలోని లాక్టోజ్ చక్కెరతో ఒక నీటి అణువు కలిసి, దాన్ని గ్లూకోజ్, గెలాక్టోజ్ అనే రెండు చక్కెరలుగా విడగొట్టడం హైడ్రాలిసిస్సే. ఫోటాలిసిస్ అంటే కాంతి చేత విడగొట్టడం. మూడూ తృతీయా తత్పురుషలే. ఈ ఊపులో పిల్లవాడు జీవశాస్త్రంలోకి వెళ్లి ‘గ్లైకాలిసిస్’ చూస్తాడు. ‘గ్లైకో’ తీపి, అంటే చక్కెర. ఇప్పటిదాకా వచ్చిన అలవాటుతో ‘చక్కెర చేత విడగొట్టడం’ అనుకుంటే పాఠం మొత్తం తలకిందులవుతుంది. అక్కడ విడిపోయేది చక్కెరే. ఒక గ్లూకోజ్ అణువు కణంలో రెండు పైరువేట్ అణువులుగా విడిపోతుంది. ఇది షష్ఠి, చక్కెర యొక్క విచ్ఛిత్తి. ఎర్ర రక్తకణాలు పగిలిపోవడాన్ని చెప్పే ‘హీమాలిసిస్’ కూడా షష్ఠే.

కాబట్టి పట్టికలో ‘లిసిస్: విడగొట్టడం’ అని ఉన్నంత మాత్రాన చాలదు. ఎవరు విడగొడుతున్నారు, ఎవరు విడిపోతున్నారు అన్న ప్రశ్న వేయాలి. ఆ ప్రశ్న వేయడమే విగ్రహవాక్యం. మాట దగ్గర ఆ ప్రశ్న పుట్టిన పిల్లవాడు జవాబు కోసం పాఠంలోకి తనంతట తానే వెళతాడు. విభక్తి ఏదో మాట చెప్పదు, పాఠమే చెప్పాలి. నా అనుభవంలో ఈ పద్ధతికున్న అసలు లాభం ఇదే.

ఇక ‘హైడ్రో’ సంగతి. ‘హైడ్రో అంటే నీరు’ అని ప్రతి గైడులోనూ ఉంటుంది. హైడ్రాలజీ నీటి శాస్త్రం. హైడ్రోఫోబియా నీటి వలన భయం, మన దొంగభయం లాంటిదే. రేబిస్ వచ్చిన మనిషి నీళ్లు తాగబోతే గొంతు కండరాలు బిగుసుకుపోతాయి కాబట్టి ఆ జబ్బుకు ఆ పేరు. ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత సబ్బు పాఠం వస్తుంది. సబ్బు అణువుకు ఒక తల, పొడవాటి తోక ఉంటాయి. తల నీటితో కలుస్తుంది, తోక నూనె మురికిని పట్టుకుంటుంది. ఆ తోకను ఇంగ్లీషు పేజీలో ‘హైడ్రోఫోబిక్ హైడ్రోకార్బన్’ అంటారు. పక్కపక్కనే రెండు హైడ్రోలు. మొదటిదానికి నీరని అర్థం, తోకకు నీరు గిట్టదు. రెండోదానికి నీటితో సంబంధం లేదు. హైడ్రోకార్బన్ అంటే హైడ్రోజన్, కార్బన్ మాత్రమే ఉన్న పదార్థం. అందులో ఆక్సిజన్ ఉండదు కాబట్టి నీటి అణువుకు చోటే లేదు. ‘హైడ్రో అంటే నీరు’ అని నేర్చుకున్న పిల్లవాడు ‘నీరు గిట్టని నీటి బొగ్గు’ అని అనువదించుకుంటే తప్పు అతనిది కాదు.

ఇలా ఎందుకైందంటే, ఆ ముక్క రసాయన శాస్త్రంలోకి రెండు దారుల్లో వచ్చింది. ఒకటి గ్రీకు నుంచి నేరుగా, నీరనే అర్థంతో. రెండోది చుట్టుదారి. 1787లో ఫ్రాన్సులో గీతోన్ ద మొర్వో, లవోయిజియే, బెర్తొలే, ఫుర్‌క్రువా కలిసి రసాయన పదార్థాలకు కొత్త పేర్ల పద్ధతి ఒకటి ప్రచురించారు. అప్పటిదాకా ‘మండే గాలి’ అంటూ వచ్చిన వాయువుకు అందులో ‘నీటిని పుట్టించేది’ అని పేరు పెట్టారు. మండితే అది నీరవుతుంది. అదే హైడ్రోజన్, ద్వితీయా తత్పురుష. ఆ తర్వాతి రసాయన శాస్త్రజ్ఞులు ఆ పొడవాటి పేరును తుంచి, ‘హైడ్రో’ను హైడ్రోజన్‌కు పొట్టిపేరుగా వాడుకున్నారు. హైడ్రోకార్బన్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం అలా వచ్చినవే. వంటనూనెను వనస్పతిగా గడ్డకట్టించే హైడ్రోజనేషన్‌లో కలిపేది కూడా హైడ్రోజన్ వాయువునే, నీటిని కాదు.

ఏ హైడ్రోనో పోల్చుకోవడానికి తరగతిలో నేను చెప్పే ఒక ఆనవాలు ఉంది. హైడ్రో పక్కన మరో మూలకం పేరు గాని దాని తునక గాని ఉంటే, కార్బన్, క్లోర్, ఆక్సీ లాంటివి, అది హైడ్రోజన్. పక్కన పని, భయం, శాస్త్రం, వేడి లాంటి మామూలు మాట ఉంటే అది నీరు. ఈ ఆనవాలు చాలాచోట్ల నిలబడుతుంది. నిలబడనివీ ఉన్నాయి. ‘హైడ్రేట్’ అంటే నీరున్నది. నీలంగా ఉండే మైలుతుత్తం స్ఫటికాల ఫార్ములా CuSO₄·5H₂O. పరీక్షనాళికలో వేసి వేడిచేస్తే నీరు పోయి తెల్లబడతాయి, రెండు చుక్కల నీళ్లు వేస్తే మళ్లీ నీలమవుతాయి. కానీ ‘కార్బోహైడ్రేట్’లో కార్బన్ పేరూ ఉంది, హైడ్రేట్ కూడా ఉంది. గ్లూకోజ్ ఫార్ములా C₆H₁₂O₆ను ఆరు కార్బన్లు, ఆరు నీళ్లుగా విడదీసి రాయవచ్చు కదా అని పాతకాలం వాళ్లు ఆ పేరు పెట్టారు. గ్లూకోజ్‌లో మాత్రం విడిగా నీటి అణువంటూ ఏదీ లేదు. ఇక్కడ పేరు లెక్క చెబుతోంది తప్ప నిర్మాణం చెప్పడం లేదు.

నీరు పోయిన తెల్లటి మైలుతుత్తాన్ని ‘ఆన్‌హైడ్రస్’ అంటారు. నాకు చాలా ఇష్టమైన మాట ఇది. తెలుగు పీరియడులో నఞ్ తత్పురుష చెప్పేటప్పుడు ‘న ధర్మం అధర్మం’, ‘న ఉచితం అనుచితం’ అని చెబుతాం. హల్లు ముందు ‘అ’, అచ్చు ముందు ‘అన్’. గ్రీకు నియమం కూడా అచ్చం ఇదే. ఆకారం లేనిది అమార్ఫస్, గాలి అక్కర్లేనిది ఆన్‌ఏరోబిక్, నీరు లేనిది ఆన్‌హైడ్రస్. గ్రీకు ‘హైడ్రో’ అచ్చుతోనే మొదలవుతుంది, దాని ముందున్న ‘హ’ ఒట్టి ఊపిరి మాత్రమే, అందుకే ‘అన్’ వచ్చింది. ఈ పోలిక కాకతాళీయం కాదు. సంస్కృతం, గ్రీకు ఒకే కుటుంబానికి చెందిన భాషలు. సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న మాటల్లో ఆ చుట్టరికం ఇప్పటికీ కనిపిస్తుంది. హైడ్రోజన్‌కు మన పెద్దలు పెట్టిన పేరు ఉదజని. ఉదకంలోని ‘ఉద’, గ్రీకు ‘హైడ్రో’ ఒకే మూలం నుంచి పుట్టినవి. ‘జని’, ‘జెన్’ కూడా అంతే. థర్మామీటర్‌లోని ‘థర్మో’, చెమటకు మనం వాడే ‘ఘర్మం’ కూడా దాయాదులే. పోలిక వెంటనే కనిపించదు గాని భాషా శాస్త్రంలో బాగా స్థిరపడ్డ సంగతే ఇది.

ఈ చుట్టరికం పిల్లలకు వినోదం కోసం కాదు, పనికొస్తుంది. ‘హైపర్’, ‘హైపో’ ఉన్నాయి. చెవికి దాదాపు ఒకేలా వినిపిస్తూ పూర్తిగా ఎదురు అర్థాలిచ్చే మాటలివి. హైపర్‌కు సంస్కృతంలో చుట్టం ‘ఉపరి’, హైపోకు చుట్టం ‘ఉప’. ఉపరితలం పైనుండేది, ఉపసర్పంచ్ సర్పంచ్ కింద ఉండేవాడు. ఒక్కసారి ఇలా చెబితే పిల్లలు మళ్లీ తడబడరు. వడదెబ్బ తగిలి ఒంట్లో వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటితే హైపర్‌థర్మియా. చలికి లోపలి వేడి 35 డిగ్రీల కంటే కిందికి పడిపోతే హైపోథర్మియా. ఇంట్లో షుగరు ఉన్నవాళ్ల ఆసుపత్రి చీటీలో ‘హైపోగ్లైసీమియా’ అని కనిపిస్తే, గ్లైకో చక్కెర, ఈమియా రక్తంలో ఉన్న స్థితి, హైపో తక్కువ అని చదువుకున్న పిల్లవాడు అది మన వాళ్లు అనే ‘లో షుగర్’ అని పోల్చుకోగలడు.

పేరు మనల్ని మోసం చేసే సందర్భాలు కూడా పుస్తకంలో చెప్పాలి. లవోయిజియే బృందం ఆక్సిజన్‌కు ‘ఆమ్లాన్ని పుట్టించేది’ అని పేరు పెట్టింది. ఆమ్లాలన్నిటిలోనూ ఆ వాయువు ఉంటుందని లవోయిజియే నమ్మకం. 1810లో హంఫ్రీ డేవీ క్లోరిన్ ఒక మూలకమని, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేనే లేదని తేల్చాడు. నమ్మకం పోయింది, పేరు ఉండిపోయింది. మనం దాన్ని ‘ఆమ్లజని’ అని నిజాయితీగా అనువదించుకుని పొరపాటును కూడా తెచ్చుకున్నాం. ఆ డేవీయే కొత్త మూలకానికి ఆకుపచ్చ కలిసిన దాని పసుపు రంగును బట్టి, లేతాకుపచ్చను చెప్పే గ్రీకు మాటతో క్లోరిన్ అని పేరుపెట్టాడు. అదే రంగు మాట నుంచి క్లోరోఫిల్ కూడా వచ్చింది, ‘ఆకు పచ్చదనం’ అని. క్లోరోఫిల్‌లో మెగ్నీషియం ఉంటుంది గాని క్లోరిన్ ఉండదు. హైడ్రోకు ఉన్న రెండు దారుల చిక్కే క్లోరోకూ ఉంది.

దీనికి పూర్తిగా ఎదురు కథ మళ్లీ మన ప్లాస్టిక్ మగ్గులోనే ఉంది. ఆ కడ్డీల పేర్లు ఆనోడ్, కాథోడ్. మైకేల్ ఫారడే 1834లో వీటిని ప్రచురించాడు. పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పనిచేస్తూ పైకొచ్చిన ఫారడేకు గ్రీకు రాదు. అందుకని కేంబ్రిడ్జిలో ఉన్న విలియం హ్యూయెల్‌కు ఉత్తరం రాసి పేర్లు అడిగాడు. ఫారడే పెట్టిన షరతు ఒక్కటే, పేరులో ఏ సిద్ధాంతమూ ఉండకూడదు. విద్యుత్తు అంటే ఏమిటో, తీగలో కదిలేదేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. ఎలక్ట్రాన్‌ను జె.జె. థామ్సన్ కనుగొన్నది 1897లో. ఏది ధనమో ఏది రుణమో పేరులో పెడితే రేపు తప్పని తేలవచ్చు. కాబట్టి ఫారడే సూర్యుణ్ణి ఆసరా చేసుకున్నాడు. ద్రవంలో విద్యుత్తు సూర్యుడిలాగే తూర్పు నుంచి పడమరకు పోతోందని ఊహించుకుంటే, అది ద్రవంలోకి ప్రవేశించే వైపు సూర్యుడు ఎక్కే దారి, బయటికి పోయే వైపు సూర్యుడు దిగే దారి. గ్రీకులో ‘ఆనా’ పైకి, ‘కాటా’ కిందికి, ‘హొడోస్’ దారి. ఎక్కుదారి ఆనోడ్, దిగుదారి కాథోడ్. ద్రవంలో నడిచిపోయే కణాలకు ‘నడిచేది’ అనే అర్థంలో అయాన్ అని పేరు పెట్టారు.

మన తెలుగు పేజీలో ఆనోడ్ పక్కన ‘ధనాగ్రం’ అని రాసుకుంటాం. ఫారడే జాగ్రత్తగా వదిలేసిన దాన్నే మనం తిరిగి చేర్చుకున్నామన్నమాట. మగ్గు ప్రయోగం వరకు ఇబ్బంది లేదు. అక్కడ ఆనోడ్ బ్యాటరీ ప్లస్సుకు కలిసి ఉంటుంది. తర్వాత టార్చిలైటు సెల్లు గురించి చదవాల్సి వస్తుంది. సెల్లు బయటి జింకు డబ్బా మైనస్. విద్యుత్తు ఇస్తున్నప్పుడు ఆ జింకే ఆనోడ్. సంప్రదాయ విద్యుత్తు దిశ ప్రకారం సెల్లు లోపలి రసాయనంలోకి విద్యుత్తు ప్రవేశించేది జింకు వైపు నుంచే. ‘మైనస్ అయిన ధనాగ్రం’ దగ్గర పిల్లలు ఆగిపోతారు, కొందరు టీచర్లు కూడా ఆగిపోతారు. ‘విద్యుత్తు ద్రావణంలోకి ఎక్కే దారి’ అని గ్రీకు విగ్రహవాక్యం తెలిసినవాడికి మగ్గుకూ సెల్లుకూ ఒకే సూత్రం సరిపోతుంది. ఇంటర్‌లో ఎలక్ట్రోకెమిస్ట్రీ చదివే పిల్లలకు ఈ ఒక్క ముక్క ఎంత గందరగోళం తప్పిస్తుందో ఆ సబ్జెక్టు చెప్పే లెక్చరర్లను అడగండి.

ఇక మాటల చివర వచ్చే ‘లజీ’ గురించి ఎక్కువ చెప్పను. శాస్త్రం అన్న అర్థం చాలాచోట్ల సరిపోతుంది. ఒక్క హెచ్చరిక చాలు. మెట్రాలజీ, మీటియరాలజీ రెండూ మన చుట్టూ ఉన్న ప్రభుత్వ కార్యాలయాల పేర్లలోనే ఉన్నాయి. మొదటిది కొలతల శాస్త్రం. పెట్రోలు బంకు పంపులకు సీళ్లు వేసే తూనికలు కొలతల శాఖకు ఇంగ్లీషు పేరు లీగల్ మెట్రాలజీ. రెండోది వాతావరణ శాస్త్రం. మీటియర్ అంటే ఉల్క కదా, వాతావరణ శాఖకు ఉల్కలతో పనేమిటని తెలివైన పిల్లలు అడుగుతారు. గ్రీకులో ఆ మాటకు ‘పైన గాలిలో ఉన్నది’ అనే అర్థం. వాన, వడగళ్లు, మెరుపు, ఉల్క, అన్నీ అందులోకే వచ్చేవి. వాతావరణ శాస్త్రజ్ఞులు ఇప్పటికీ వానచినుకును, పొగమంచును ‘హైడ్రోమీటియర్’ అంటారు. పాత అర్థం ఆ మాటలో ఇంకా బతికే ఉంది.

ఇంత కసరత్తు చేసిన పిల్లవాడు ఎంత దూరం పోగలడో ఒక్క ఉదాహరణ చెబుతాను. 1977లో పసిఫిక్ మహాసముద్రంలో గలాపగోస్ దీవుల దగ్గర ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో దిగిన శాస్త్రజ్ఞులు సముద్రం అడుగున వేడినీటి ఊటలు చూశారు. వాటిని ‘హైడ్రోథర్మల్ వెంట్లు’ అంటారు. నీరు, వేడి, రెండూ మనవాడికి తెలిసిన ముక్కలే. పక్కన మూలకం పేరు లేదు కాబట్టి ఇది నీటి హైడ్రోయే. వెలుతురు చేరని ఆ చోట సూక్ష్మజీవులు బతుకుతున్నాయి. వాటికి పెట్టిన పేరు ‘కీమోలిథోఆటోట్రోఫ్’. పదో తరగతి పిల్లల ముందు బోర్డు మీద ఇంత పొడవు మాట రాస్తే మొదట నవ్వుతారు. కుడివైపు చివర నుంచి విడదీయమంటాను. ‘ట్రోఫ్’ పోషణ పొందేది. ‘ఆటో’ స్వయంగా. ఆటోట్రోఫ్ అంటే తెలుగు పేజీలోని స్వయంపోషకమే, ఆకుపచ్చ మొక్కలాగా తన ఆహారం తానే తయారుచేసుకునేది. ‘లిథో’ రాయి. ‘కీమో’ రసాయనం. మొక్కకు కాంతి ఎలాగో దీనికి రసాయనం అలాగ అని ఎవరో ఒకరు అంటారు. అదే విగ్రహవాక్యం. రసాయన చర్య చేత శక్తి పొంది తన ఆహారం తాను చేసుకునేది.

అక్కడితో ఆపకూడదు. ‘రాయి తింటుందా సార్’ అని అడుగుతారు. తినదు. ఆ ఊటల దగ్గర అది ఎక్కువగా వాడుకునేది హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్లిన గుడ్డు వాసన వచ్చే వాయువు. ‘లిథో’ అక్కడ ‘నిరింద్రియ పదార్థం’ అనే విస్తరించిన అర్థంలో ఉంది. ముక్కలు మనల్ని గుమ్మం దాకా తీసుకొచ్చాయి. లోపల ఏముందో చెప్పేందుకు పాఠం కావాలి. డయాలసిస్ కూడా ఇంతే. మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం పల్లెల్లో చదువు రానివాళ్లకూ ఆ మాట తెలుసు. ‘గుండా విడదీయడం’ అని విడగొడితే, పలచటి పొర గుండా కొన్ని పదార్థాలు దాటిపోవడం, కొన్ని ఆగిపోవడం అర్థమవుతుంది. థామస్ గ్రాహం 1861లో ఆ మాటను రసాయన శాస్త్రంలో వాడింది ఆ అర్థంలోనే. అందులో మూత్రపిండం పేరు లేదు, రక్తం పేరు లేదు. అవి వైద్యులు తర్వాత చేర్చుకున్నవి.

ఇప్పుడు నా విన్నపం. తరువాతి ముద్రణలో ఒక్క పాఠంతో మొదలుపెట్టండి. రసాయన చర్యల పాఠమైతే మేలు, ఎందుకంటే ఎలక్ట్రాలిసిస్, ఎక్సోథర్మిక్, ఎండోథర్మిక్ అన్నీ అందులోనే ఉంటాయి. మాట మొదటిసారి వచ్చినచోట, పేజీ అంచున ఒకే ఒక్క వాక్యం వేయండి. ‘ఎక్సోథర్మిక్: ఎక్సో బయటికి, థర్మ్ వేడి, వేడిని బయటికి వదిలేది, ఉష్ణమోచకం’ అంటే చాలు. పొడిసున్నం మీద నీళ్లు పోస్తే గిన్నె చేతికి కాలడం ఆ పక్కనే ఉంటుంది కాబట్టి పిల్లవాడు మాటను వేడితోనే కలిపి గుర్తుపెట్టుకుంటాడు. ముక్కల అర్థాలు మాత్రమే ఇచ్చి విగ్రహవాక్యాన్ని వదిలేయకండి. పేరు తప్పుదారి పట్టించేచోట, ఆక్సిజన్ దగ్గర, క్లోరోఫిల్ దగ్గర, ఆ సంగతి కూడా అదే అంచున చెప్పండి. ధనాగ్రం అన్న మాటను తీసేయమనను, దాని పక్కన ‘ఎక్కుదారి’ అని ఒక్క మాట చేర్చమంటాను.

దీనికోసం కొత్త టీచర్లు అక్కర్లేదు. ప్రతి బడిలో తెలుగు పండితులున్నారు. సమాసాల పాఠం రాసేటప్పుడు తెలుగు పుస్తక రచయితల పక్కన ఒక రసాయన శాస్త్ర ఉపాధ్యాయుణ్ణి కూర్చోబెట్టండి. అభ్యాసాల్లో దొంగభయం పక్కన హైడ్రోఫోబియా ఒక్కటి పెట్టించండి. చక్రపాణి పక్కన ఆర్త్రోపాడ్ పెట్టండి, కీళ్లు గల కాళ్లు కలది, బహువ్రీహి. పరీక్షలో మాత్రం ‘కింది గ్రీకు ముక్కలకు అర్థాలు రాయండి’ అనే ప్రశ్న దయచేసి పెట్టకండి. ఆ ప్రశ్న వచ్చిన మరుసటి ఏడాదే గైడుల్లో పట్టికలు వస్తాయి, పిల్లలు మళ్లీ బట్టీ మొదలుపెడతారు. అడగదలచుకుంటే పాఠంలో లేని మాట ఒకటిచ్చి, విడదీసి, ఏ విభక్తి సరిపోతుందో, ఎందుకు సరిపోతుందో రాయమనండి. ‘థర్మోప్లాస్టిక్’ ఇవ్వవచ్చు. వేడి చేత మలచదగినది అని రాసినవాడికి పూర్తి మార్కులు వేయండి.

భవదీయుడు,
ఒక భౌతిక రసాయన శాస్త్రాల ఉపాధ్యాయుడు